బహుపది × ఘాతాంక ప్రమేయం: విభాగ సమాకలనం పదేపదే చేయడం, పట్టికతో త్వరగా ముగించడం ఎలా?

∫ x² e^(3x) dx లాంటి లెక్కలో చాలామందికి సూత్రం తెలుసు, u ఏదో dv ఏదో కూడా తెలుసు. అయినా చివరి జవాబులో ఒక గుర్తో, ఒక భిన్నమో తేడా వస్తుంది. “అన్నీ సరిగ్గానే చేశాను, తప్పు ఎక్కడ జరిగింది?” అనే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి, ఈ ఒక్క రకం లెక్కనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. ముందు పొడవైన దారిలో చేద్దాం, తర్వాత పట్టికతో చేద్దాం. జవాబు సరైనదో కాదో ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకునే పద్ధతి కూడా చూద్దాం. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఆ చివరిదే.

కావలసినవి

బహుపదిని అవకలనం చేయడం రావాలి. e^(ax) ను సమాకలనం చేస్తే e^(ax)/a వస్తుందని తెలిసి ఉండాలి. తరగతుల్లో ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ అని పిలిచే విభాగ సమాకలన సూత్రం గుర్తుండాలి:

```
∫ u dv = u v − ∫ v du
```

కాగితం, కలం చాలు. అవధులున్న లెక్కలను సరిచూడటానికి మాత్రం e విలువలు చూపే కాలిక్యులేటర్ దగ్గర ఉంచుకోండి.

మొదట పొడవైన దారి

పట్టిక తెలిసినవారు కూడా ఈ భాగాన్ని ఒకసారి చేతితో చేయండి. పట్టికలో గుర్తులు ఎందుకు మారతాయో ఇక్కడే కనిపిస్తుంది. లెక్క ∫ x² e^(3x) dx.

1. బహుపదిని u గా, ఘాతాంక ప్రమేయాన్ని dv గా తీసుకోండి. u = x², dv = e^(3x) dx. అప్పుడు du = 2x dx, v = e^(3x)/3. అవకలనం చేసిన కొద్దీ బహుపది పరిమాణం తగ్గుతూ సున్నాకు చేరుతుంది. e^(3x) ను ఎన్నిసార్లు సమాకలనం చేసినా దాని రూపం మారదు. ఈ ఎంపికకు కారణం అంతే.

2. సూత్రంలో వేయండి.

```
∫ x² e^(3x) dx = x² e^(3x)/3 − (2/3) ∫ x e^(3x) dx
```

x² స్థానంలో x వచ్చింది. లెక్క ఒక మెట్టు దిగింది.

3. మిగిలిన సమాకలనికి మళ్లీ అదే సూత్రం వాడండి. ఈసారి u = x, dv = e^(3x) dx.

```
∫ x e^(3x) dx = x e^(3x)/3 − e^(3x)/9
```

4. దీన్ని రెండో మెట్టులోకి తీసుకెళ్లేటప్పుడు కుండలీకరణాలు తప్పకుండా పెట్టండి.

```
x² e^(3x)/3 − (2/3) [ x e^(3x)/3 − e^(3x)/9 ]
= e^(3x) ( x²/3 − 2x/9 + 2/27 ) + C
```

చివరి పదం +2/27. కుండలీకరణం పెట్టకపోతే అది −2/27 అవుతుంది. ఈ రకం లెక్కల్లో నేను చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. బయటి రుణ గుర్తు మొదటి పదాన్ని మాత్రమే మార్చి ఆగిపోతుంది, రెండో పదం దాకా వెళ్లదు. బహుపది పరిమాణం 4 లేదా 5 ఉంటే ఇలాంటి కుండలీకరణాలు ఒకదాని లోపల ఒకటి చేరుతూ పోతాయి.

ఇక్కడ ఇంకొక హెచ్చరిక అవసరం. మూడో మెట్టులో పాత్రలు మార్చకండి. u = e^(3x), dv = x dx అని తీసుకుంటే ∫ x e^(3x) dx విలువ x² e^(3x)/2 − (3/2) ∫ x² e^(3x) dx అవుతుంది. దాన్ని రెండో మెట్టులో పెడితే పదాలన్నీ కొట్టుకుపోయి, మొదలుపెట్టిన సమాకలనే తిరిగి మిగులుతుంది. అందులో తప్పేమీ ఉండదు, కానీ లెక్క ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు. మొదట ఏది u గా తీసుకున్నారో, దాని అవకలజాన్నే చివరి దాకా u గా కొనసాగించండి.

ఇదే పనిని పట్టికతో

పై లెక్కలో నిజంగా జరిగినవి మూడే పనులు. ఒకవైపు బహుపదిని పదేపదే అవకలనం చేశాం. మరోవైపు e^(3x) ను పదేపదే సమాకలనం చేశాం. సూత్రంలోని రుణ గుర్తు ప్రతి మెట్టులో మరోసారి వచ్చి గుణించడం వల్ల గుర్తులు +, −, +, − అని మారుతూ వచ్చాయి. పట్టికలో ఈ మూడింటికీ మూడు నిలువు వరుసలు ఉంటాయి.

ఈసారి కొంచెం బరువైన లెక్క తీసుకుందాం: ∫ (2x³ − 3x + 5) e^(−2x) dx.

1. ఎడమ వరుసలో గుర్తులు రాయండి. ఎప్పుడూ + తోనే మొదలుపెట్టాలి. బహుపదిలో మొదటి పదం రుణాత్మకమైనా సరే, ఘాతాంకంలో రుణ గుర్తు ఉన్నా సరే, ఈ వరుస + తోనే మొదలవుతుంది.

2. మధ్య వరుసలో బహుపదిని, దాని కింద ఒక్కొక్క అవకలజాన్ని రాస్తూ సున్నా వచ్చే దాకా వెళ్లండి. సున్నాను కూడా రాయండి. స్థిరాంకం దగ్గరే ఆపేస్తే చివరి పదానికి జత ఏదో తెలియక తికమక పడతారు.

3. కుడి వరుసలో ఘాతాంక ప్రమేయాన్ని, దాని కింద వరుసగా సమాకలనులను రాయండి. ఇక్కడ ప్రతిసారీ −2 తో భాగిస్తున్నాం. మధ్య వరుసలో సున్నా ఉన్న అడ్డు వరుస దాకా రావాలి. ఈ వరుసలో ఎక్కడా + C చేర్చకండి.

| గుర్తు | అవకలనం | సమాకలనం |
|---|---|---|
| + | 2x³ − 3x + 5 | e^(−2x) |
| − | 6x² − 3 | −(1/2) e^(−2x) |
| + | 12x | (1/4) e^(−2x) |
| − | 12 | −(1/8) e^(−2x) |
| | 0 | (1/16) e^(−2x) |

4. ఏటవాలుగా గుణించండి. ఒక అడ్డు వరుసలోని గుర్తును, అదే వరుసలోని బహుపదిని, దాని కింది వరుసలోని సమాకలనితో కలపాలి. పట్టిక మీద పెన్సిల్‌తో ఏటవాలు గీతలు గీసుకుంటే మంచిది. అలవాటైన తర్వాత గీతలు మానేయవచ్చు.

```
+ (2x³ − 3x + 5) · (−1/2) = −x³ + (3/2)x − 5/2
− (6x² − 3)      · ( 1/4) = −(3/2)x² + 3/4
+ (12x)          · (−1/8) = −(3/2)x
− (12)           · (1/16) = −3/4
```

రెండో పంక్తిని గమనించండి. రుణ గుర్తు 6x² కు మాత్రమే కాదు, −3 కు కూడా వర్తిస్తుంది. అందుకే +3/4 వచ్చింది. ఒకటి కంటే ఎక్కువ పదాలున్న ప్రతి గడినీ కుండలీకరణాల్లో పెట్టే గుణించండి.

5. ఒకే ఘాతమున్న పదాలను కలిపి, e^(−2x) ను ఉమ్మడిగా తీసి, చివర ఒక్కసారి C రాయండి.

```
∫ (2x³ − 3x + 5) e^(−2x) dx = −( x³ + (3/2)x² + 5/2 ) e^(−2x) + C
```

x పదం పూర్తిగా కొట్టుకుపోయింది. (3/2)x, −(3/2)x రెండూ కలిసి సున్నా అయ్యాయి. ఇచ్చిన బహుపదిలో x² లేకపోయినా జవాబులో వచ్చింది, x ఉన్నా జవాబులో పోయింది. ఈ రకం లెక్కల్లో ఇది మామూలే. జవాబు ఆకారం చూసి అనుమానపడి, సరైన లెక్కను కొట్టేయకండి. అనుమానాన్ని కింది పరీక్షతో తీర్చుకోండి.

జవాబును సరిచూసే పద్ధతి

మీ జవాబు ఎప్పుడూ Q(x) e^(ax) రూపంలో ఉంటుంది. అందులో Q ఒక బహుపది, దాని పరిమాణం ఇచ్చిన బహుపది P పరిమాణమే. జవాబును అవకలనం చేస్తే (Q′ + aQ) e^(ax) వస్తుంది. కాబట్టి పరీక్ష ఒకే పంక్తి:

```
Q′ + aQ = P
```

ఘాతాంక ప్రమేయాన్ని మళ్లీ ముట్టుకోనవసరం లేదు. పై లెక్కలో Q = −x³ − (3/2)x² − 5/2, a = −2. అప్పుడు Q′ = −3x² − 3x, aQ = 2x³ + 3x² + 5. రెండూ కలిపితే 2x³ − 3x + 5. ఇచ్చిన బహుపదే వచ్చింది కాబట్టి లెక్క సరైనది.

ఈ పరీక్ష తప్పు ఉందని చెప్పి ఊరుకోదు, ఎక్కడ ఉందో కూడా చూపిస్తుంది. మొదటి ఉదాహరణలో చివరి గుర్తు తప్పి Q = x²/3 − 2x/9 − 2/27 అని రాశారనుకోండి. 3Q = x² − 2x/3 − 2/9, Q′ = 2x/3 − 2/9. కలిపితే x² − 4/9. x², x పదాలు సరిపోయాయి, స్థిరాంకం మాత్రం సున్నా కావాల్సింది −4/9 అయింది. అంటే పట్టికలో పై వరుసలు బాగానే ఉన్నాయి, చివరి ఏటవాలు గుణకారంలోనే తప్పుంది. పట్టిక మొత్తం తిరగరాయకుండా ఆ ఒక్క పంక్తిని చూస్తే చాలు.

అంతకంటే త్వరగా చేయగలిగే తనిఖీ మరొకటి ఉంది. Q లో అత్యధిక ఘాతపు గుణకం, P లో అత్యధిక ఘాతపు గుణకాన్ని a తో భాగించినంత ఉండాలి. ఇక్కడ 2 ను −2 తో భాగిస్తే −1. జవాబు −x³ తో మొదలైంది. ఈ తనిఖీకి కొన్ని క్షణాలు చాలు. పరీక్ష హాలులో సమయం లేకపోయినా ఇది మాత్రం వదలకండి.

తరచుగా జరిగే తప్పులు

అడ్డంగా గుణించడం. ఏటవాలుగా కాకుండా ఒకే అడ్డు వరుసలోని రెండింటినీ గుణిస్తే జవాబు సరిగ్గా a రెట్లు వస్తుంది. పై లెక్కలో అలా చేస్తే మొదటి పదం 2x³ అవుతుంది, రావాల్సింది −x³. అత్యధిక ఘాతపు తనిఖీ దీన్ని వెంటనే పట్టేస్తుంది.

ఈ తప్పు ఇంతగా ఎందుకు పాతుకుపోతుందో కూడా చెప్పాలి. ∫ x² e^x dx లాంటి లెక్కల్లో a = 1. కుడి వరుస నిండా e^x మాత్రమే ఉంటుంది. అడ్డంగా గుణించినా, ఏటవాలుగా గుణించినా ఒకే జవాబు వస్తుంది. అలాంటి లెక్కలతోనే సాధన చేసినవారికి తప్పు పద్ధతి సరైన జవాబు ఇస్తూ పోతుంది. ఘాతాంకంలో 3x రాగానే అంతా కూలిపోతుంది. అందుకే సాధనకు e^x లెక్కలు పెట్టుకోకండి. e^(3x), e^(−2x), e^(x/2) లాంటివి తీసుకోండి.

ఘాతాంకం భిన్నమైనప్పుడు తిరగవేయడం. e^(x/2) ను సమాకలనం చేస్తే 2 e^(x/2) వస్తుంది, సగం కాదు. 1/2 తో భాగించడం అంటే 2 తో గుణించడమే. కుడి వరుస e^(x/2), 2e^(x/2), 4e^(x/2) అని పెరుగుతూ పోవాలి. ఉదాహరణకు ∫ x e^(x/2) dx = (2x − 4) e^(x/2) + C. సరిచూస్తే Q′ = 2, aQ = x − 2, మొత్తం x.

రుణ ఘాతాంకంలో గుర్తులు కలగాపులగం కావడం. ఎడమ వరుసలో మారే గుర్తులు ఒకవైపు, కుడి వరుసలో −2 వల్ల మారే గుర్తులు మరోవైపు ఉంటాయి. రెండింటినీ మనసులోనే కలిపేయాలని చూస్తే ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది. రెంటినీ విడివిడిగా రాయండి. రాశాక ఒకటి గమనించవచ్చు. e^(−kx) లో k ధనాత్మకమైతే ఎడమ గుర్తు, కుడి గుర్తు గుణించినప్పుడు ప్రతి వరుసకూ రుణమే వస్తుంది. పైన నాలుగు పంక్తుల్లోనూ అలాగే జరిగింది: (−1/2), −(1/4), (−1/8), −(1/16). మీ లెక్కలో ఏ వరుసకైనా ధన గుర్తు వచ్చిందంటే అక్కడ పొరపాటు జరిగినట్టే. గడిలోని బహుపదికి ఉన్న సొంత గుర్తులను మాత్రం ఇందులో కలపకండి.

అనవసరంగా విస్తరించడం. (x − 1)³ e^(2x) ఇస్తే ఘనాన్ని విస్తరించకండి. మధ్య వరుసలో (x − 1)³, 3(x − 1)², 6(x − 1), 6, 0 అని రాస్తే పని తక్కువ, తప్పులు తక్కువ.

అవధులు ఇచ్చినప్పుడు

ముందు అనిశ్చిత సమాకలనిని పూర్తి చేసి, Q′ + aQ పరీక్ష పెట్టి, ఆ తర్వాతే అవధులు వేయండి. మధ్యలో వేస్తే ఈ పరీక్ష పెట్టే అవకాశం పోతుంది.

పై లెక్కనే 0 నుంచి 1 వరకు చేద్దాం. x = 1 వద్ద −(1 + 3/2 + 5/2) e^(−2) = −5e^(−2). x = 0 వద్ద −5/2. తేడా:

```
−5e^(−2) − (−5/2) = 5/2 − 5e^(−2) ≈ 1.823
```

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది కింది అవధి దగ్గర. “x = 0 కదా, అంతా సున్నాయే” అనుకుని వదిలేయడం చాలా సాధారణం. e⁰ విలువ 1, బహుపదిలో స్థిరాంకం మిగిలే ఉంటుంది. దాన్ని వదిలేస్తే జవాబు −0.677 వస్తుంది. ఇచ్చిన ప్రమేయం 0, 1 మధ్య అంతటా ధనాత్మకంగా ఉంటే సమాకలని రుణాత్మకం కావడం అసాధ్యం. ఆ ఒక్క ఆలోచనతోనే తప్పు దొరుకుతుంది.

సంఖ్యతో సరిచూడాలంటే సింప్సన్ సూత్రం ఒక్కసారి వేస్తే చాలు. ఇచ్చిన ప్రమేయం విలువలు x = 0 వద్ద 5, x = 0.5 వద్ద 3.75e^(−1) ≈ 1.380, x = 1 వద్ద 4e^(−2) ≈ 0.541. వీటితో (5 + 4 × 1.380 + 0.541)/6 ≈ 1.843. మన జవాబు 1.823. మూడు బిందువులతో చేసిన అంచనా ఇంత దగ్గరగా వచ్చిందంటే లెక్కలో పెద్ద తప్పు లేదు. గుర్తు తప్పినా, ఒక పదం పోయినా తేడా సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

ఎగువ అవధి అనంతం అయినా ఇదే పట్టిక పనిచేస్తుంది. e^(−2x) బహుపది కంటే ఎంతో వేగంగా తగ్గుతుంది కాబట్టి ఎగువ అవధి వద్ద విలువ సున్నాకు చేరుతుంది, కింది అవధి మాత్రమే మిగులుతుంది. పై లెక్కకు 0 నుంచి అనంతం వరకు జవాబు 5/2. ఘాతాంకం ధనాత్మకమైతే అలాంటి సమాకలని విలువ పరిమితంగా ఉండదు. అప్పుడు పట్టిక వేయడంలో అర్థం లేదు.

పట్టిక నచ్చకపోతే మరో దారి

జవాబు రూపం ముందే తెలుసు కాబట్టి, Q గుణకాలను తెలియని రాశులుగా పెట్టి Q′ + aQ = P నుంచే వాటిని కనుక్కోవచ్చు. ∫ x² e^(3x) dx కు Q = px² + qx + r అనుకోండి. x² గుణకాల నుంచి 3p = 1. x గుణకాల నుంచి 3q + 2p = 0. స్థిరాంకాల నుంచి 3r + q = 0. వరుసగా p = 1/3, q = −2/9, r = 2/27. పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా తేలిపోతాయి. గుర్తుల వరుస, ఏటవాలు గుణకారం రెండూ ఉండవు. ఏటవాలు గుణకారంలో పదేపదే తప్పేవారికి నేను దీన్నే సూచిస్తాను. అయితే పరీక్షలో విభాగ పద్ధతిలోనే చేయమని స్పష్టంగా అడిగితే ఇది రాయకండి, సరిచూడటానికి మాత్రం వాడుకోండి.

పట్టిక ఎక్కడ సరిపోదు

పట్టిక ముగియాలంటే మధ్య వరుస సున్నాకు చేరాలి. √x · e^x, e^x / x లాంటివాటిలో మధ్య వరుసకు అంతం ఉండదు. పైగా ఈ రెండు సమాకలనులనూ మనకు తెలిసిన ప్రాథమిక ప్రమేయాలతో రాయడం సాధ్యం కాదు కాబట్టి, వాటి కోసం మరో ఉపాయం వెతికినా ఫలితం ఉండదు.

కుడి వరుసకూ ఒక షరతు ఉంది. ఘాతాంకంలో x మొదటి ఘాతంలోనే ఉండాలి. e^(5x + 1) అయితే ఇబ్బంది లేదు, ప్రతిసారీ 5 తో భాగిస్తే సరిపోతుంది. 2^x అయినా ప్రతిసారీ ln 2 తో భాగించండి. కానీ x e^(x²) లో e^(x²) ను కుడి వరుసలో పెడితే మొదటి మెట్టులోనే ఆగిపోతారు. అక్కడ t = x² అని ప్రతిక్షేపిస్తే ఒక్క పంక్తిలో e^(x²)/2 + C వస్తుంది.

సున్నా రాకపోయినా పట్టికను మధ్యలో ఆపే వీలుంది. ఆపిన అడ్డు వరుసలో మధ్య గడిని, కుడి గడిని అడ్డంగా గుణించి, ఆ వరుస గుర్తుతో సమాకలని కింద రాయాలి. ∫ x² ln x dx లో మధ్య వరుస ln x, 1/x. కుడి వరుస x², x³/3. మొదటి ఏటవాలు గుణకారం (x³/3) ln x. రెండో వరుసలో ఆపితే −∫ (1/x)(x³/3) dx, అంటే −x³/9. జవాబు (x³/3) ln x − x³/9 + C. అడ్డంగా గుణించడం సరైనది ఈ చివరి వరుసలో మాత్రమే, అదీ ముందు సమాకలన గుర్తు ఉన్నప్పుడు మాత్రమే.